రిఫరల్ బోనస్ 50 వేలు: చేతికొచ్చేది 13 వేలా, 42 వేలా?

విశాఖపట్నంలో ఐటీ ఉద్యోగులు ఇద్దరు కలిస్తే మాట నియామకాల మీదికి మళ్లడానికి ఇప్పుడు ఎంతోసేపు పట్టడం లేదు. 2023 అక్టోబరులో రుషికొండలో ఇన్ఫోసిస్ కేంద్రం మొదలైంది. 2025లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. హైదరాబాదులోనో బెంగళూరులోనో అద్దె కడుతూ ఉన్న శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ఇంటికి దగ్గరగా వచ్చే దారి వెతుకుతున్నారు. మధురవాడలో పనిచేసే ప్రతి ఒక్కరి ఫోనుకూ వారానికొక రెజ్యూమె వస్తోంది. మంచి రెజ్యూమె ఒకటి కంపెనీ పోర్టల్‌లో పెట్టి, మనిషి చేరితే బోనస్ వస్తుందన్న సంగతి అందరికీ తెలుసు. అది ఎప్పుడు వస్తుంది, ఏ కారణంతో ఆగిపోతుంది, వచ్చినదాంట్లో ఎంత మిగులుతుంది అన్నదగ్గర మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు ఒకదానిలో ఒకటి ముడిపడి ఉన్నాయి. డబ్బు వచ్చే తేదీ మారితే పన్ను మారుతుంది, సర్వీసు షరతు మారితే ఆ తేదీ మారుతుంది. అందుకే వాటిని విడివిడిగా కాకుండా ఒకే ఉదాహరణ వెంట నడుస్తూ చూద్దాం.

## ఇది చట్టం ఇచ్చే బోనస్ కాదు

ముందు ఒక గందరగోళం తొలగించుకోవాలి. ‘బోనస్ ఉద్యోగి హక్కు, ఆపడానికి వీల్లేదు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట వర్తించేది వేరే బోనస్‌కు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం, ఒక పరిమితికి లోపు జీతం ఉన్నవారికి ఏటా కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం బోనస్ ఇవ్వాలని చెప్పింది. ఆ నిబంధనలు ఇప్పుడు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో కలిసిపోయాయి.

రిఫరల్ బోనస్ గురించి ఏ చట్టమూ ఏమీ చెప్పదు. ఇవ్వాలని లేదు, ఇంత ఇవ్వాలని లేదు, ఇన్ని రోజుల్లో ఇవ్వాలని లేదు. కంపెనీ తనంతట తాను ప్రకటించిన పథకం అది. కాబట్టి ఆ పథకం పత్రంలో ఏం రాసి ఉందో అదే దాని చట్టం. అలాగని కంపెనీ ఇష్టం వచ్చినట్టు చేయవచ్చని కాదు. 1872 భారత కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రతిపాదనలోని షరతులను నెరవేర్చడమే దానికి అంగీకారం తెలిపినట్టు. ‘ఫలానా ఉద్యోగానికి మనిషిని చూపించండి, చేరి ఇన్ని రోజులు ఉంటే ఇంత ఇస్తాం’ అని కంపెనీ అన్నాక, ఉద్యోగి ఆ పని చేస్తే అది ఉత్త మాట కాదు, ఒప్పందమే. 32వ సెక్షన్ దానికి ఇంకో ముక్క చేరుస్తుంది: ఏదైనా సంఘటన జరిగితే ఇస్తామన్న ఒప్పందం, ఆ సంఘటన జరిగేదాకా అమలు కాదు. కొత్త మనిషి చేరి గడువు పూర్తయ్యేవరకు రిఫరల్ బోనస్ సరిగ్గా ఈ స్థితిలో ఉంటుంది. ఆశ ఉంటుంది, అడిగే హక్కు ఉండదు.

## మూడు తేదీలు, వాటి మధ్య దూరం

మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేసే ఉద్యోగిని ఒకామె ఉన్నారనుకుందాం. పాత సహోద్యోగి ఒకాయన హైదరాబాదులో ఉన్నారు, విశాఖ రావాలనుకుంటున్నారు. ఆమె ఆయన రెజ్యూమెను పోర్టల్‌లో పెట్టారు. బోనస్ 50,000 రూపాయలు. కంపెనీ పాలసీలో మూడు వాక్యాలు ఉన్నాయి. కొత్త ఉద్యోగి చేరి 90 రోజులు పూర్తి చేయాలి. అది పూర్తయిన మరుసటి నెల జీతంతో బోనస్ చెల్లిస్తారు. చెల్లించే రోజున ఇద్దరూ ఉద్యోగంలో ఉండాలి, ఇద్దరిలో ఎవరూ నోటీసు పీరియడ్‌లో ఉండకూడదు.

ఆయన 2025 డిసెంబరు 8న చేరారు. చేరిన రోజును కూడా లెక్కిస్తే డిసెంబరులో 24 రోజులు, జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మొత్తం 83. మరో ఏడు రోజులు కలిపితే 2026 మార్చి 7న 90వ రోజు. పాలసీ ప్రకారం డబ్బు ఏప్రిల్ జీతంతో పడుతుంది. అంటే చేరిన తేదీ, షరతు పూర్తయిన తేదీ, డబ్బు పడిన తేదీ మూడూ వేరు. మొదటి దానికీ చివరి దానికీ మధ్య దాదాపు అయిదు నెలలు. ‘మూడు నెలలకే ఇస్తామన్నారు కదా’ అని ఫిబ్రవరి చివర హెచ్‌ఆర్‌ను అడిగేవాళ్లు ఈ తేడాను చూడకుండా అడుగుతున్నవాళ్లే. పైగా పేరోల్ విభాగం నెల మధ్యలోనే ఆ నెల లెక్కలు ముగిస్తుంది. ముగించిన తరువాత పూర్తయిన షరతులు ఇంకో నెల వెనక్కి పోవడం మామూలే.

రోజుల లెక్కలోనూ తిరకాసులు ఉంటాయి. కొన్ని కంపెనీలు క్యాలెండర్ రోజులు లెక్కిస్తాయి. కొన్ని ‘ప్రొబేషన్ పూర్తయి ఉద్యోగం ఖరారైన తరువాత’ అంటాయి. రెండోది చాలా ప్రమాదకరం, ఎందుకంటే కొత్త ఉద్యోగి ప్రొబేషన్‌ను మేనేజరు మూడు నెలలు పొడిగిస్తే, ఏ తప్పూ లేని సిఫారసుదారు బోనస్ కూడా మూడు నెలలు జరుగుతుంది. జీతం లేని సెలవు రోజులను కొన్ని పాలసీలు లెక్కలోంచి తీసేస్తాయి. ఇంకొన్ని కంపెనీలు సగం చేరిన నెలకు, మిగతా సగం ఆరు నెలలకు ఇస్తాయి. ఇందులో ఏదీ చట్టవిరుద్ధం కాదు. ఏది వర్తిస్తుందో రెజ్యూమె పంపేముందు చూసుకున్నవారు తక్కువ, అంతే.

అర్హత విషయం త్వరగా చెప్పుకుని ముందుకు పోదాం. హెచ్‌ఆర్ సిబ్బందికి, ఆ ఉద్యోగానికి ఎంపిక చేసే మేనేజరుకు, క్యాంపస్ నియామకాలకు సాధారణంగా బోనస్ ఉండదు. ఒకే రెజ్యూమె ఇద్దరు పెడితే మొదట పెట్టినవారిదే. ఆ అభ్యర్థి అప్పటికే కొన్ని నెలల కిందట నేరుగా దరఖాస్తు చేసి కంపెనీ డేటాబేసులో ఉంటే సిఫారసు చెల్లదు. వచ్చే తగవుల్లో ఎక్కువభాగం ఈ చివరి దాని గురించే. అభ్యర్థి ఏ ఉద్యోగ వెబ్‌సైటులోనో ఒక రాత్రి వరసగా నొక్కిన దరఖాస్తుల్లో ఈ కంపెనీ కూడా ఉందన్న సంగతి ఆయనకే గుర్తుండదు.

## ఎవరు ఎప్పుడు వెళ్లిపోతే ఏమవుతుంది

మన ఉదాహరణలో కొత్త ఉద్యోగి 80వ రోజున మానేస్తే చర్చ లేదు, సంఘటన జరగలేదు, బోనస్ లేదు. 85వ రోజున రాజీనామా ఇచ్చి రెండు నెలల నోటీసులో ఉన్నారనుకోండి. 90వ రోజున ఆయన ఉద్యోగంలోనే ఉన్నారు. పాలసీలో ‘90 రోజులు పూర్తి చేయాలి’ అని మాత్రమే ఉంటే బోనస్ ఇవ్వాలి. ‘నోటీసులో ఉండకూడదు’ అని కూడా ఉంటే ఇవ్వనక్కర్లేదు. కంపెనీయే ఆయన ఉద్యోగాన్ని తీసేస్తే? న్యాయంగా ఆలోచిస్తే సిఫారసుదారును శిక్షించకూడదు. కొన్ని కంపెనీలు అలాంటి సందర్భానికి మినహాయింపు రాసుకుంటాయి. చాలా పాలసీలు మౌనంగా ఉంటాయి.

అసలు వివాదం వేరేచోట ఉంది. మార్చి 7న షరతు పూర్తయింది. మార్చి 20న ఆమే రాజీనామా ఇచ్చారు. ఏప్రిల్ జీతం నాటికి నోటీసులో ఉన్నారు. కంపెనీ బోనస్ ఆపేసింది. ఎవరిది న్యాయం?

కంపెనీ వాదన ఇలా ఉంటుంది: ఈ పథకం స్వచ్ఛందం, చెల్లించే రోజున ఉద్యోగంలో ఉండాలని ముందే రాశాం, కొత్తవాళ్లను తేవడం ఎంత ముఖ్యమో ఉన్నవాళ్లను నిలుపుకోవడం కూడా ఈ డబ్బు ఉద్దేశంలో అంతే ముఖ్యం. ఉద్యోగి వాదన కూడా తేలిగ్గా తీసేయదగినది కాదు: చేయాల్సిన పని చేశాను, కంపెనీకి కన్సల్టెన్సీ ఫీజు మిగిలింది, మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు, మార్చి 7కే నా హక్కు ఏర్పడింది, ఆ తరువాతి వ్యవధి మీ పేరోల్ సౌకర్యం కోసం పెట్టుకున్నది.

నా దృష్టిలో రాసి ఉన్న షరతు దగ్గరే ఇది తేలుతుంది. ‘చెల్లించే రోజున ఉద్యోగంలో ఉండి, నోటీసులో లేకుండా ఉండాలి’ అని స్పష్టంగా ఉంటే, అది కూడా జరగాల్సిన సంఘటనల్లో ఒకటి. అది జరగలేదు కాబట్టి అడిగే హక్కు బలహీనం. అలా కాక, ‘మరుసటి నెల చెల్లిస్తాం’ అని మాత్రమే ఉంటే అది చెల్లింపు గడువు, షరతు కాదు. అప్పుడు ఆమె వాదనే బలమైనది. రెజ్యూమె పెట్టిన తరువాత కంపెనీ పాలసీ మార్చితే, పెట్టిన రోజున ఉన్న నిబంధనలే వర్తించాలని వాదించడానికి మంచి ఆధారం ఉంటుంది, కానీ ఆనాటి పత్రం కాపీ చేతిలో ఉన్నప్పుడే. ఉద్యోగం మానిన రోజునే కంపెనీ ల్యాప్‌టాపుతోపాటు ఆ పత్రం కూడా పోతుంది. ‘యాజమాన్యం నిర్ణయమే తుది’ అన్న వాక్యం దాదాపు అన్ని పాలసీల చివరా ఉంటుంది. అది అస్పష్టమైన సందర్భాల్లో కంపెనీకి వెసులుబాటు ఇస్తుంది. పూర్తయిన షరతును కాదనే అధికారం కూడా ఇస్తుందా అన్నది వాదించదగిన ప్రశ్నే. అయితే 50,000 కోసం కోర్టు మెట్లెక్కేవారు అరుదు. ఆచరణలో ఇవి మేనేజరు ఈమెయిలుతో, హెచ్‌ఆర్ మినహాయింపుతో తేలిపోతాయి, లేదా తేలకుండానే ముగుస్తాయి.

## పన్ను దృష్టిలో ఇది జీతమే

ఉద్యోగికి ఉద్యోగం ఇచ్చిన సంస్థ ఇచ్చే రిఫరల్ బోనస్ జీతంలో భాగం. జీతంతోపాటు వచ్చే ఫీజులు, కమీషన్లు కూడా జీతమేనని ఆదాయపు పన్ను చట్టం నిర్వచనం. కాబట్టి దీనికి ప్రత్యేకమైన పన్ను రేటు లేదు. ‘బోనస్ మీద 30 శాతం కోస్తారు’ అన్న మాట నిజం కాదు. మీ ఏడాది ఆదాయం మీద ఇది కూడా చేరుతుంది, ఆ చేరిన మేరకు మీరు ఏ శ్లాబులో ఉంటే ఆ రేటు పడుతుంది. నగదు బదులు గిఫ్ట్ కార్డు ఇచ్చినా, చేసిన పనికి ప్రతిఫలం అన్న స్వభావం మారదు. పీఎఫ్ మాత్రం మామూలుగా దీని మీద కోయరు.

కొత్త పన్ను విధానంలో 2025-26 శ్లాబులు ఇవి: 4 లక్షల వరకు పన్ను లేదు, ఆపై 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, ఆ పైన 30. జీతం నుంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు. మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. వచ్చిన పన్ను మీద 4 శాతం సెస్సు. 2026-27కూ ఇవే శ్లాబులు కొనసాగాయి.

ఈ లెక్కలో బోనస్ విలువ మనిషిని బట్టి ఎంత మారుతుందో చూడండి. ఏడాదికి 11 లక్షల జీతం ఉన్న ఉద్యోగికి 50,000 వస్తే, స్టాండర్డ్ డిడక్షన్ పోను ఆదాయం 10,75,000. పన్ను సున్నా, బోనస్ మొత్తం చేతికొస్తుంది. 24 లక్షల పైన పన్ను వర్తించే ఆదాయం ఉన్న మేనేజరుకు సెస్సుతో కలిపి 31.2 శాతం పోయి 34,400 మిగులుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. ఊహకు అందనిది మధ్యలో ఉంది.

## 12.75 లక్షల గీత దగ్గర బోనస్ ఎక్కడికి పోతుంది

పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు ఉన్నంతవరకు పన్ను సున్నా, ఒక్క రూపాయి దాటితే శ్లాబుల ప్రకారం 60,000 రూపాయల పన్ను అంటే అన్యాయం కాబట్టి, చట్టంలో మార్జినల్ రిలీఫ్ అనే ఏర్పాటు ఉంది. 12 లక్షలకు పైన ఎంత ఆదాయం ఉందో అంతకంటే ఎక్కువ పన్ను వేయరు. వినడానికి బాగుంది. కానీ దీని అర్థం, ఆ గీత దాటిన ప్రతి రూపాయీ మొత్తంగా పన్నులోకి పోతుందని. దానిపైన 4 శాతం సెస్సు మళ్లీ వేస్తారు కాబట్టి రూపాయికి రూపాయి నాలుగు పైసలు. పన్ను వర్తించే ఆదాయం సుమారు 12,70,588 చేరేవరకు, అంటే జీతం మొత్తం 13.45 లక్షలు దాటేవరకు ఈ పరిస్థితి ఉంటుంది. ఆ తరువాత మామూలు శ్లాబు పన్నే తక్కువ అవుతుంది కాబట్టి రిలీఫ్ అవసరం ఉండదు.

మన ఉద్యోగిని 2025-26 జీతం 12,60,000 అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ పోను 11,85,000. పన్ను సున్నా. ఇప్పుడు బోనస్ 50,000 ఇదే సంవత్సరంలో చేరితే ఆదాయం 12,35,000. శ్లాబు ప్రకారం పన్ను 65,250. మార్జినల్ రిలీఫ్‌తో అది 35,000కు తగ్గుతుంది. సెస్సు 1,400. మొత్తం 36,400. యాభై వేల బోనస్‌లో ఆమెకు మిగిలింది 13,600 రూపాయలు.

జీతం సరిగ్గా 12,75,000 అయితే ఇంకా విచిత్రం. 50,000 బోనస్‌కు పన్ను 50,000, సెస్సు 2,000. బోనస్ రానట్టయితేనే 2,000 లాభం. ఇది పేరోల్ తప్పు కాదు, చట్టం అలాగే పనిచేస్తుంది. ఈ జీతాల శ్రేణిలో ఉన్నవాళ్లు బోనస్ నెలలో పేస్లిప్ చూసి హెచ్‌ఆర్‌కు కోపంగా ఈమెయిలు రాస్తే, అవతల కూర్చున్న వ్యక్తికి కూడా చాలాసార్లు కారణం తెలియదు.

ఇప్పుడు అదే బోనస్ 2026 ఏప్రిల్‌లో, అంటే తరువాతి సంవత్సరంలో పడిందనుకుందాం. ఇంక్రిమెంటుతో ఆమె జీతం 13,80,000 అయింది. బోనస్ లేకుండా పన్ను వర్తించే ఆదాయం 13,05,000, సెస్సుతో పన్ను 78,780. బోనస్ కలిపితే 13,55,000, పన్ను 86,580. తేడా 7,800 మాత్రమే. ఆమెకు మిగిలేది 42,200. బోనస్ అదే, మనిషి అదే, పని అదే. మార్చిలో అయితే 13,600, ఏప్రిల్‌లో అయితే 42,200.

పాత పన్ను విధానంలో ఈ గీత ఉండదు. అక్కడ రిబేటు 5 లక్షల దగ్గరే ఆగిపోతుంది, 10 లక్షలు దాటిన ఆదాయం మీద 30 శాతం పడుతుంది. ఇంటి రుణం, ఇంటి అద్దె మినహాయింపు వంటివి భారీగా ఉన్నవాళ్లు తప్ప, బోనస్ ఒక్కదాని కోసం అటు మారితే సాధారణంగా నష్టమే.

## మార్చిలోదా, ఏప్రిల్‌లోదా అన్నది ఎవరు నిర్ణయిస్తారు

అయితే ఏప్రిల్‌లో ఇవ్వమని హెచ్‌ఆర్‌ను బతిమాలుకుంటే సరిపోతుందా? సరిపోదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 15వ సెక్షన్ ప్రకారం జీతం చేతికి వచ్చిన సంవత్సరంలోనైనా, రావలసి ఉన్న సంవత్సరంలోనైనా, ఏది ముందైతే ఆ సంవత్సరంలో పన్నుకు లోబడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి చాలా సెక్షన్ల సంఖ్యలు మారాయి, కానీ ఈ సూత్రం మారలేదు.

ఇక్కడ మళ్లీ పాలసీలోని ఒక్క వాక్యం ముఖ్యమవుతుంది. ‘90 రోజులు పూర్తి కాగానే బోనస్ చెల్లించాలి’ అని ఉంటే, మార్చి 7నే అది ఆమెకు రావలసిన సొమ్ము అయింది. పేరోల్ ఆలస్యం వల్ల ఏప్రిల్‌లో పడినా, చట్టం ప్రకారం అది 2025-26 ఆదాయమే. ‘మరుసటి నెల జీతంతో, ఆ రోజున ఉద్యోగంలో ఉంటేనే’ అని ఉంటే, ఏప్రిల్ దాకా ఆమెకు హక్కే ఏర్పడలేదు. అప్పుడు అది నిస్సందేహంగా 2026-27 ఆదాయం. పైన ఉద్యోగి హక్కును బలహీనపరిచిన షరతే ఇక్కడ ఆమెకు 28,600 మిగిల్చిందన్నమాట.

చిక్కు ఎక్కడంటే, కంపెనీ టీడీఎస్ కోసేది డబ్బు చెల్లించినప్పుడు. కాబట్టి మొదటి తరహా పాలసీలో కూడా, ఏప్రిల్‌లో పడిన బోనస్ ఏప్రిల్‌తో మొదలయ్యే సంవత్సరం టీడీఎస్ పత్రంలోనే కనిపిస్తుంది. చట్టం ఒక సంవత్సరం అంటుంది, కంపెనీ ఇచ్చే పత్రం ఇంకో సంవత్సరం చూపిస్తుంది. చాలామంది ఆ పత్రంలో ఉన్నదాన్నే రిటర్నులో చూపిస్తారు. ఆదాయపు పన్ను శాఖ రికార్డులతో అంకెలు సరిపోతాయి కాబట్టి సాధారణంగా ప్రశ్న రాదు. కఠినంగా చూసే చార్టర్డ్ అకౌంటెంట్లు మాత్రం ముందు సంవత్సరంలోనే చూపించమంటారు. రెండో పద్ధతి సెక్షన్ అక్షరాలకు దగ్గర, మొదటిది ఆచరణకు దగ్గర. బోనస్ హక్కు ఏర్పడే తేదీని పాలసీలో స్పష్టంగా రాసుకున్న కంపెనీల ఉద్యోగులకు ఈ తలనొప్పి రాదు.

## పేస్లిప్‌లో కోత ఒక్కసారిగా ఎందుకు కనిపిస్తుంది

జీతం మీద టీడీఎస్‌ను కంపెనీ ఏడాది మొత్తం ఆదాయం అంచనా వేసి, వచ్చే పన్నును నెలలకు పంచి కోస్తుంది. మధ్యలో బోనస్ వస్తే అంచనా పెరుగుతుంది. పెరిగిన పన్నును కొన్ని కంపెనీలు ఆ నెలలోనే మొత్తంగా కోస్తాయి, కొన్ని మిగిలిన నెలలకు పంచుతాయి. ఏప్రిల్ ఉదాహరణలో 7,800 ఒకేసారి పోవచ్చు, లేదా నెలకు 650 చొప్పున 12 నెలలు పోవచ్చు. చివరి మొత్తం ఒకటే. మార్చిలో వచ్చిన బోనస్‌కు పంచడానికి నెలలు మిగలవు కాబట్టి మొత్తం అక్కడే కోస్తారు. ‘30 శాతం కోశారు’ అన్న కథలు చాలావరకు ఇలా పుట్టినవే.

కోత సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి బోనస్ నెల పేస్లిప్ ఒక్కటి చూస్తే చాలదు. పేరోల్ పోర్టల్‌లో ఉండే పన్ను అంచనా పత్రంలో, బోనస్‌కు ముందు నెల చూపిన వార్షిక పన్నును తరువాతి నెల అంకెతో పోల్చాలి. ఆ రెండింటి తేడాయే బోనస్ మీద అసలు పన్ను. మన ఉదాహరణలో ఆ తేడా 7,800 కాకుండా ఇంకేదైనా వస్తే, బోనస్‌ను రెండుసార్లు లెక్కించడమో, దాన్ని ప్రతినెలా వచ్చే ఆదాయంగా పొరబడి మిగిలిన నెలలకు గుణించడమో జరిగి ఉంటుంది. రెండో పొరపాటు జరిగితే అంచనా ఆదాయం లక్షల్లో పెరుగుతుంది కాబట్టి వెంటనే కంటికి కనబడుతుంది.

## ఇచ్చింది వెనక్కి అడిగితే

కొన్ని కంపెనీలు బోనస్ త్వరగా ఇచ్చి, కొత్త ఉద్యోగి ఆరు నెలల్లోపు మానేస్తే తిరిగి వసూలు చేసుకుంటామని రాసుకుంటాయి. పన్ను చిక్కుల్లో ఇదే అన్నిటికంటే చెడ్డది. ఆమె చేతికి 42,200 వచ్చింది, కంపెనీ 50,000 తిరిగి ఇమ్మంటుంది. 7,800 పన్నుగా ప్రభుత్వానికి వెళ్లిపోయిందని ఆమె అంటారు. ఆ 7,800 కూడా మేం మీ తరఫున కట్టిందేనని కంపెనీ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అదే ఆర్థిక సంవత్సరంలో వసూలు జరిగితే పరిష్కారం సులువు. పేరోల్‌లో 50,000 తగ్గింపుగా చూపిస్తారు, ఏడాది ఆదాయం తగ్గుతుంది, మిగిలిన నెలల్లో టీడీఎస్ ఆ మేరకు తగ్గి ఆమె 7,800 ఆమెకు వచ్చేస్తుంది. సంవత్సరం మారాక వసూలు చేస్తే, ముగిసిన సంవత్సరం పత్రాలను ఎవరూ తిరగరాయరు. తిరిగి ఇచ్చిన జీతాన్ని ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చని చట్టంలో నేరుగా ఏ సెక్షనూ లేదు. ఒకసారి వచ్చిన జీతం పన్నుకు లోబడినట్టే, తరువాత దాన్ని ఏం చేశారన్నది వేరే సంగతి అన్నది శాఖ సాధారణ వాదన. మరోవైపు, 2017లో అహ్మదాబాద్ ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్, నోటీసు పూర్తి చేయనందుకు మాజీ సంస్థలు రాబట్టుకున్న మొత్తం విషయంలో, వాస్తవంగా అందిన జీతం మీదే పన్ను వేయాలని తీర్పిచ్చింది. రిఫరల్ బోనస్‌కూ ఇదే తర్కం వర్తిస్తుందని వాదించవచ్చు. కానీ ఆ తీర్పు నోటీసు సొమ్ము గురించి, అదీ ఒక ట్రిబ్యునల్ స్థాయిలో. 7,800 కోసం రిటర్నులో ఆ వాదన పెట్టి, నోటీసు వస్తే జవాబు రాసుకునే ఓపిక ఎంతమందికి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఈ గొడవంతా తెలిసిన కంపెనీలు అందుకే ముందు ఇచ్చి తరువాత లాక్కోవడం మానేసి, గడువు ముగిశాకే ఇచ్చే పద్ధతికి వచ్చాయి. ఉద్యోగులు ఆలస్యమని విసుక్కునే ఆ 90 రోజులో 180 రోజులో వారికీ ఒక రక్షణే.

## కంపెనీలో లేనివారు సిఫారసు చేస్తే

కొన్ని సంస్థలు మాజీ ఉద్యోగులు సిఫారసు చేసినా బోనస్ ఇస్తున్నాయి. అక్కడ యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి అది జీతం కాదు, కమీషన్ వంటిది. ఆర్థిక సంవత్సరంలో 20,000 దాటితే దాని మీద 2 శాతం టీడీఎస్ కోస్తారు. అందుకున్నవారు సాధారణంగా ఇతర ఆదాయం కింద చూపించాలి. ఆ 2 శాతం చూసి పన్ను అయిపోయిందనుకుంటే పొరపాటు. మిగిలింది వారి శ్లాబును బట్టి వారే కట్టుకోవాలి, ఆ బాకీ 10,000 దాటుతుంటే ముందస్తు పన్ను వాయిదాల్లోనే. ప్రస్తుత ఉద్యోగం ఇచ్చిన సంస్థకు ఈ ఆదాయం సంగతి ముందే చెప్పి జీతం టీడీఎస్‌లో కలిపించుకునే వీలు కూడా ఉంది. మన ఉద్యోగిని పాత కంపెనీకి ఇలా మనిషిని చూపించి 50,000 తెచ్చుకుంటే వెంటనే పోయేది 1,000 మాత్రమే. ఆ సంవత్సరం ఆమె జీతం 12.75 లక్షల గీతకు దగ్గరగా ఉంటే, జులైలో రిటర్ను వేసేటప్పుడు పైన చెప్పిన మార్జినల్ రిలీఫ్ లెక్కే మళ్లీ ఎదురవుతుంది.